పిల్లలకి రాత్రిపూట కాళ్ళ నొప్పులు: నూనె రాసి పడుకోబెట్టాలా, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలా

రాత్రి పదకొండున్నరకి రెండో క్లాసు చదివే పిల్ల నిద్దర్లోంచి లేచి కూర్చుని "అమ్మా కాళ్ళు పీకేస్తున్నాయే" అని ఏడిస్తే మన గోదారోళ్ళ ఇళ్ళల్లో మూడు సలహాలు రెడీగా ఉంటాయండి. మామ్మగారు "ఎదిగే పిల్ల కదే, కాస్త కొబ్బరినూనె రాసి పిసుకు, పోద్ది" అంటారు, వాళ్ళ నాన్నేమో పొద్దున్నే అమలాపురమో భీమవరమో తీసుకెళ్ళి ఎక్స్‌రే తీయించేద్దాం అంటాడు, పక్కింటావిడ మాత్రం వాళ్ళ ఆడపడుచు ఊళ్ళో ఎవరో పిల్లోడికి అచ్చం ఇలాగే మొదలై చివరికి బ్లడ్ కాన్సరని తేలిందని చెప్పి వెళ్ళిపోతుంది, ఇంక ఆ తల్లికి తెల్లారేదాకా నిద్రుండదు. చిక్కేంటంటే ముగ్గురూ చెప్పినవి నిజంగా జరిగేవే. చాలామందికి మామ్మగారి మాటే కరెక్టవుతుంది, కొద్దిమందికి ఎక్స్‌రే కావాలి, ఎక్కడో ఒకళ్ళకి ఆ పక్కింటావిడ భయం నిజమవుతుంది. మన పిల్ల ఈ మూడింట్లో ఎక్కడుందో ఇంట్లోనే చాలావరకు తేల్చుకోవచ్చు, ఇది రాస్తోంది అందుకే.

నేను పిల్లల ఓపీలో స్టాఫ్ నర్సుని, డాక్టర్ని కాదు. కానీ ఈ కంప్లైంట్‌తో వచ్చే తల్లుల్ని రోజూ చూస్తుంటాను, డాక్టరుగారు ఏం అడుగుతారో, దేనికి తల పైకెత్తి సీరియస్‌గా చూస్తారో కూడా తెలిసిపోయింది. ముందుగా ఒక్కటి చెప్తా, రాత్రి ఏడుపు ఎంత గట్టిగా ఉంది అన్నదాన్నిబట్టి ఏదీ తేలదండి. ఏ జబ్బూ లేని పిల్ల ఇల్లంతా లేచేలా ఏడుస్తుంది, నిజంగా ఎముకలో ఇబ్బందున్న పిల్లోడు ఒక్కోసారి నోరెత్తకుండా కాలు ముడుచుకుని పడుకుంటాడు. చూడాల్సింది పొద్దున్న. లేచాక కాలు ఎలా పెడుతున్నాడు, నొప్పి ఎక్కడని చూపిస్తున్నాడు, చెయ్యి వేస్తే ఏం చేస్తున్నాడు, ఈ మూడూ చూస్తే చాలావరకు దారి తెలిసిపోద్ది.

గ్రోయింగ్ పెయిన్స్ అని డాక్టర్లు అనేవి ఎలా ఉంటాయో ముందు చెప్పుకుందాం. సుమారు 3 ఏళ్ళ నించి 12 ఏళ్ళ లోపు పిల్లల్లో వస్తాయి. సాయంత్రం పొద్దుగూకాక గానీ రాత్రి నిద్దర్లో గానీ మొదలవుతాయి. రెండు కాళ్ళూ పీకుతాయి, ఒకే రాత్రి రెండూ కాకపోయినా ఇవాళ కుడిది రేపు ఎడమది అన్నట్టు మారుతూ ఉంటాయి. పిక్కలు, మోకాలి వెనక గుంట, ముంగాలు, తొడల ముందువైపు, ఈ చోట్లే చూపిస్తారు, అంటే కండ ఉన్న చోట, కీలులో కాదు. పది నిమిషాల నించి గంట దాకా ఉండి పోతాయి, పొద్దున్నకి ఆనవాలే ఉండదు, రాత్రంత గోల చేసిన పిల్ల సుబ్బరంగా లేచి స్కూల్ ఆటో కోసం వీధిలోకి పరిగెడుతుంది. ఒక రాత్రి వచ్చి, నాలుగు రోజులు కనపడక, మళ్ళీ వస్తాయి. బాగా గెంతిన రోజు రాత్రి ఎక్కువ, ఇది మీరూ గమనించే ఉంటారు, స్కూల్ స్పోర్ట్స్ టైములోనూ యానివర్సరీ డాన్సు ప్రాక్టీసు టైములోనూ మాకు ఇలాంటి కేసులు ఎక్కువొస్తాయి.

పేరు ఎదుగుదల నొప్పులేగానీ పిల్ల వేగంగా ఎత్తు పెరిగే వయసులో ఇవి ఎక్కువవ్వాలి కదా, అలా అవ్వవు. అసలు కారణం ఇదీ అని ఇంకా ఎవరూ తేల్చలేదు, రోజంతా కాళ్ళమీద పడ్డ శ్రమ, కొందరు పిల్లలకి నొప్పి తొందరగా తెలియడం, కీళ్ళు మరీ వదులుగా ఉండటం ఇలాంటివి చెప్తారు. కాబట్టి "ఎత్తు పెరుగుతోంది అందుకే" అని ఎవరైనా అన్నారని ఊరుకోకండి, అది పరీక్ష కాదు. కింద చెప్పినవన్నీ సరిపోతేనే ఆ పేరు పెట్టాలి.

పొద్దున్న చూడాల్సింది ఇలాగ. పిల్లోడు మంచం దిగి బాత్రూందాకా వెళ్ళే పది అడుగులు వాడికి తెలీకుండా చూడండి. "ఏదీ నడువు చూద్దాం" అన్నారంటే వాడు నటిస్తాడు, కుంటకపోయినా కుంటుతాడు, లేదా స్కూల్ మానిపిస్తారని ఆశపడతాడు, అది వేరే సంగతి. తెలీకుండా చూస్తే ఒక కాలి మీద తక్కువసేపు నిలబడి గబుక్కున రెండో కాలు వేసేస్తున్నాడా అన్నది తెలిసిపోద్ది, అదే కుంటు. తర్వాత ఆటలా రెండు గెంతులు గెంతించండి, గొంతుక్కూర్చుని లేవమనండి, ఒంటికాలి మీద కొంగలా నిలబడమనండి, కుడికాలూ ఎడమకాలూ రెండూ. గ్రోయింగ్ పెయిన్స్ పిల్ల ఇవన్నీ నవ్వుకుంటూ చేసేస్తుంది. పొద్దున్న పూట కుంటు ఉందంటే మాత్రం అది గ్రోయింగ్ పెయిన్స్ కాదనే లెక్క, ఒక్కరోజు కుంటి ముందురోజు ఆటలో దెబ్బ తగిలిందని తెలిస్తే సరే, లేదంటే పిల్లల డాక్టర్‌కి చూపించాల్సిందే.

రెండోది, నొప్పి ఎక్కడ అని అడిగినప్పుడు ఒక్క వేలితో చూపిస్తున్నాడా, అరచేతితో కాలంతా రుద్ది చూపిస్తున్నాడా. అరచేతితో "ఇక్కడంతా" అంటే కాస్త ఊరట. వారం కింద అడిగినా ఇవాళ అడిగినా అదే కాలు, అదే చోట, అదే వేలు పెడుతున్నాడంటే ఆ చోటుని ఎవరో ఒకరు చూడాలి. మూడోది, చెయ్యి వేస్తే ఏం చేస్తున్నాడన్నది. గ్రోయింగ్ పెయిన్స్ పిల్ల "ఇంకా గట్టిగా పిసుకమ్మా" అంటుంది, చెయ్యి తీస్తే మళ్ళీ ఏడుస్తుంది. ఎముకలోనో కీలులోనో ఇన్ఫెక్షన్ గానీ వాపు గానీ ఉన్న పిల్ల చెయ్యి దగ్గరికి తెస్తేనే కాలు లాగేసుకుంటుంది. ఈ తేడా ఏ స్కానింగూ లేకుండా అర్ధరాత్రి కరెంటు పోయినప్పుడు కూడా తెలుసుకోవచ్చు.

ఇప్పుడు ఇద్దరు పిల్లల సంగతి చెప్తాను, ఇద్దరూ రాత్రిపూట కాళ్ళ నొప్పి అనే వచ్చారు, వాళ్ళ ఊరూ పేరూ గుర్తుపట్టకుండా కొంచెం మార్చి రాస్తున్నా.

మొదటిది ఎనిమిదేళ్ళ పాప, మూడో క్లాసు, కోనసీమ లోపలి ఊరు. 22 కేజీల బరువు, వయసుకి తగ్గట్టే ఉంది. నెలన్నర నించి వారానికి రెండు మూడు రాత్రులు లేచి ఏడుస్తోంది. వాళ్ళమ్మ అప్పటికే ఊళ్ళో ఆరెంపీ దగ్గర రెండు ఇంజెక్షన్లు చేయించింది, కాల్షియం సిరప్పు రెండు సీసాలు తాగించింది, దిష్టి కూడా తీయించింది. డాక్టరుగారు మందు రాయకుండా ముందు ఒక పని చెప్పారు, గోడకున్న తెలుగు క్యాలెండర్ మీద నొప్పొచ్చిన రోజున కుడికాలైతే కు అని, ఎడమైతే ఎ అని, రెండూ అయితే రెండూ రాసి, పక్కన పొద్దున్న కుంటితే గుండ్రంగా చుట్టమన్నారు, మూడు వారాలు. ఆవిడ క్యాలెండర్ కాగితం చింపి తెచ్చేసింది పాపం. చూస్తే ఎనిమిది రాత్రులు, అయిదింట్లో రెండు కాళ్ళూ, రెండింట్లో కుడి, ఒకదాంట్లో ఎడమ, ఒక్క చుట్టూ లేదు. ఎనిమిదిట్లో ఆరు రాత్రులు స్కూల్లో గేమ్స్ పీరియడ్ ఉన్న రోజువే. పాపని పరీక్ష చేస్తే మోకాళ్ళు, చీలమండలు, తుంటి అన్నీ రెండువైపులా ఒకేలా తిరుగుతున్నాయి, ఎక్కడ నొక్కినా ఎముక నొప్పి లేదు, కళ్ళలో పాలిపోవడం లేదు, మెడలో బిళ్ళల్లేవు. అయిపోయింది, గ్రోయింగ్ పెయిన్స్. ఎక్స్‌రే తీయలేదు, ఆ తల్లికి ముందు నచ్చలేదు కూడా, ఇంత దూరం వచ్చి ఒక్క ఫోటో కూడా తీయరా అన్నట్టు చూసింది. నా లెక్కలో ఆ క్యాలెండర్ కాగితమే ఎక్స్‌రే కన్నా ఎక్కువ చెప్పింది.

ఇలాంటి పిల్లకి ఇంట్లో చేసేది పెద్దగా ఏం లేదు. గోరువెచ్చటి నీళ్ళలో ముంచి పిండిన తువ్వాలు పిక్కల మీద పెట్టి, కొబ్బరినూనో నువ్వుల నూనో రాసి పది నిమిషాలు పిసకటం. పడుకునే ముందు కండలు సాగదీయించడం, అంటే గోడకి రెండు చేతులూ ఆనించి ఒక కాలు వెనక్కి వేసి మడమ నేలకి ఆన్చి ముందుకి వంగడం పిక్కకి, నిలబడి చీలమండ చేత్తో పట్టుకుని మడమని పిర్రకి తగిలించడం తొడ ముందువైపుకి, కాళ్ళు చాపి కూర్చుని బొటనవేళ్ళు అందుకోవడం వెనక కండకి. ఒక్కోటి ఇరవై ముప్ఫై సెకన్లు, కుదుపులు లేకుండా. నొప్పొచ్చినప్పుడు కాదు, రోజూ చేయిస్తేనే ఫలితం.

మందు అంటే పారాసెట్మాల్ ఒక్కటే, అదీ పిసికినా తగ్గక నిద్ర పట్టని రాత్రి మాత్రమే. డోసు బరువుని బట్టి, కేజీకి 10 నించి 15 మిల్లీగ్రాములు. ఆ 22 కేజీల పాపకి 220 నించి 330 మధ్య, అంటే 5 ఎంఎల్‌లో 250 మిల్లీగ్రాములుండే సిరప్ అయితే 6 ఎంఎల్ వేస్తే 300 అవుతుంది, సరిపోద్ది. ఇక్కడే ఎక్కువమంది తడబడతారు, మెడికల్ షాపులో 5 ఎంఎల్‌కి 120 లేదా 125 ఉన్న సీసా కూడా అదే రంగు డబ్బాలో ఉంటుంది, అది 6 ఎంఎల్ వేస్తే సగం డోసే, దీనికి అలవాటుపడి 250 సీసాని 12 ఎంఎల్ వేశారంటే డబుల్ డోసు. సీసా మీద అంకె చదివి వేయండి. రెండు డోసుల మధ్య ఆరు గంటలు ఉంచండి, రోజులో నాలుగు దాటకూడదు. పెద్దాళ్ళ ఒళ్ళునొప్పుల బిళ్ళ సగం చేసి వేయడం, ఆస్ప్రిన్ ఇవ్వడం అస్సలు వద్దు. వారంలో రెండు మూడు రాత్రుల కన్నా ఎక్కువసార్లు సిరప్ అవసరమవుతోందంటే మందు మార్చడం కాదు, పిల్లని మళ్ళీ చూపించాలి.

కాల్షియం సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా. కాళ్ళ నొప్పనగానే కాల్షియం సిరప్ తాగించడం మనకి అలవాటైపోయింది. విటమిన్ డి నిజంగా తక్కువుంటే ఇచ్చినప్పుడు కొందరికి నొప్పులు తగ్గుతాయి, మన పిల్లల్లో తక్కువుండటం కూడా మామూలే, ఇంత ఎండున్న ఊళ్ళో కూడా స్కూలూ ట్యూషనూ ఫోనూ అని నీడలోనే ఉంటారు కదా. కానీ డాక్టర్ చెప్పకుండా అరవై వేల యూనిట్ల సాచెట్లు వారం వారం నెలలకొద్దీ వేస్తే విటమిన్ డి ఎక్కువై వాంతులు, కిడ్నీ ఇబ్బందులు వస్తాయి. కాళ్ళు దొడ్డిగా వంగి ఉండటం, మణికట్టు లావుగా ఉబ్బినట్టుండటం కనపడితే మాత్రం అది రికెట్స్ అవ్వొచ్చు, దానికి టెస్టు చేసి వైద్యం చేయాలి.

రెండో పిల్లోడు ఆరేళ్ళవాడు, డెల్టాలోనే అటు పశ్చిమ వైపు. వాడిది కూడా రాత్రిపూట మోకాలి నొప్పే, అయితే ఎప్పుడూ ఎడమదే. జ్వరం లేదు, వాపు లేదు, మనిషి హుషారుగానే ఉన్నాడు. ఇంట్లో నాయనమ్మ రోజూ నూనె రాసి పిసుకుతోంది, కాసేపటికి పడుకుంటున్నాడు, అందరూ ఎదుగుదల నొప్పులే అనుకున్నారు. రెండు నెలలయ్యాక స్కూల్ ఆటో అతను "ఏవండీ బాబు ఎక్కేటప్పుడు ఎడంకాలు ఈడుస్తున్నాడండీ" అన్నాడు, ఇంట్లోవాళ్ళు రోజూ చూస్తుండటం వల్ల కనిపెట్టలేదు. ఒకచోట చూపిస్తే మోకాలికి ఎక్స్‌రే తీశారు, మోకాలికి ఏ లోపం లేదు, ఎదుగుదలే అని పంపేశారు. తర్వాత మా దగ్గరికొచ్చినప్పుడు డాక్టరుగారు మోకాలు ఒక్క నిమిషం చూసి వదిలేసి తుంటి పట్టుకున్నారు. పిల్లోణ్ణి వెల్లకిలా పడుకోబెట్టి, తొడ నిటారుగా పైకి, మోకాలు మడిచి, పాదాన్ని మెల్లగా బయటివైపుకి తిప్పారు. కుడివైపు సుబ్బరంగా తిరిగింది. ఎడమవైపు కొంచెం తిప్పగానే ఆగిపోయింది, పిల్లోడు నడుం మొత్తం ఎత్తేసి "అబ్బా" అన్నాడు. తుంటికి ఎక్స్‌రే తీస్తే పెర్తెస్ అని తేలింది.

పెర్తెస్ అంటే తొడ ఎముక పైకొసన తుంటి గుంటలో ఉండే బంతి లాంటి భాగానికి కొన్నాళ్ళు రక్తం సరిగా అందక ఎముక మెత్తబడిపోవడం. ఎక్కువగా 4 నించి 8 ఏళ్ళ వయసులో, ఆడపిల్లలకన్నా మగపిల్లల్లో చాలా ఎక్కువ. శరీరం దాన్ని మళ్ళీ కట్టుకుంటుంది, కానీ రెండు మూడేళ్ళో ఇంకా ఎక్కువో పడుతుంది, ఈలోపు గెంతులు ఆపి, ఫిజియోతో తుంటి కదలిక కాపాడి, ఆ బంతి గుండ్రంగానే మళ్ళీ తయారయ్యేలా చూడాలి, కొందరికి ఆపరేషన్ అవసరమవుతుంది. ఎంత చిన్న వయసులో పట్టుకుంటే అంత మేలు. మోకాలు నొప్పని ఎందుకు చెప్పాడంటే తుంటికీ మోకాలికీ వెళ్ళే నరాల్లో కొన్ని ఒకటే, తుంటిలో ఇబ్బందిని పిల్లలు మోకాల్లోనో తొడలోనో చెప్తారు. అందుకని నేను తల్లులందరికీ చెప్పేది, ఒకవైపు మోకాలి నొప్పని ఎవరి దగ్గరికెళ్ళినా "తుంటి కూడా చూడండి సార్" అని నోరు తెరిచి అడగండి. మొహమాటం వద్దు. మొదట్లో ఎక్స్‌రేలో కూడా కనపడకపోవచ్చు, కుంటు తగ్గకపోతే కొన్ని వారాల తర్వాత మళ్ళీ తీస్తారు లేదా ఎమ్మారై చెప్తారు.

ఇదే తుంటి సంగతి కాస్త పెద్ద పిల్లల్లో ఇంకోలా వస్తుంది. 10 ఏళ్ళు దాటి, బాగా బరువున్న పిల్లోడు మోకాలో తొడో నొప్పంటూ పాదం బయటికి తిప్పి నడుస్తున్నాడంటే తుంటి బంతి జారి ఉండొచ్చు. వాడిని బండి మీద కూర్చోబెట్టి తిప్పకుండా, నడిపించకుండా అదే రోజు ఎముకల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలి.

ఇప్పుడు పక్కింటావిడ భయం దగ్గరికొద్దాం. లుకేమియా అంటే బ్లడ్ కాన్సర్ ఉన్న పిల్లల్లో కొందరికి మొదట కనపడేది కాళ్ళ నొప్పే, ఇది నిజమే. కానీ అది ఒంటరిగా ఎక్కువ కాలం ఉండదు. నొప్పి పగలు కూడా ఉంటుంది, రోజురోజుకీ పెరుగుతుంది, పిల్ల ఆడుకోవడం మానేసి ఎత్తుకోమంటుంది. దాంతోపాటు మొహం పాలిపోవడం, కారణం తెలీకుండా వచ్చిపోయే జ్వరం, దెబ్బ తగలకుండా ఒంటి మీద నల్లటి కమిలిన మచ్చలు లేదా సూదిమొనంత ఎర్రచుక్కలు, చిగుళ్ళలోంచి రక్తం, మెడలో చంకలో బిళ్ళలు, ఆకలి చచ్చిపోయి బరువు తగ్గడం, వీటిలో ఏవో ఒకటి రెండు కనపడతాయి. రాత్రి మాత్రమే నొప్పి వచ్చి, పొద్దున్న పరిగెడుతూ, తింటూ, బరువు పెరుగుతున్న పిల్ల గురించి ఈ భయం పెట్టుకోనక్కర్లేదు. పైవాటిలో ఒక్కటి తోడైనా సీబీపీ అనే రక్త పరీక్ష, దాంతో స్మియర్ చేయించాలి. ఏ టౌన్లో అయినా చేస్తారు, సాయంత్రానికి రిపోర్ట్ వస్తుంది. స్మియర్ అని ప్రత్యేకంగా చెప్పాలి, మిషన్ ఇచ్చే అంకెలు మొదట్లో మామూలుగా ఉండొచ్చు, రక్తాన్ని గాజుపలక మీద పరిచి డాక్టర్ మైక్రోస్కోపులో చూస్తేనే తేడా కణాలు పట్టుబడతాయి. అదీ బాగానే ఉండి లక్షణాలు మాత్రం సాగుతుంటే మళ్ళీ చేయించాలి, ఒకసారి నార్మల్ వచ్చిందని ఫైలు మూసేయకూడదు.

ఇక్కడ ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. కారణం తేలకుండా స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేయించకండి. "ఒక్క ఇంజెక్షన్‌తో పిల్ల లేచి తిరిగేసింది" అని మన ఊళ్ళల్లో మెచ్చుకునేవాటిలో చాలావరకు అదే. పిల్లల లుకేమియాకి వాడే మందుల్లో స్టెరాయిడ్ ఒకటి, అది పడితే చెడ్డ కణాలు కొన్నాళ్ళు తగ్గుతాయి, నొప్పీ జ్వరమూ తగ్గుతాయి, టెస్టులో కూడా కనపడకుండా పోతాయి, తర్వాత జబ్బు మళ్ళీ బయటపడేసరికి ఆలస్యమవుతుంది, ఏ రకమో తేల్చడమూ కష్టమవుతుంది. ఎవరైనా సూది వేస్తుంటే అది ఏం మందో పేరు కాగితం మీద రాయించుకోండి.

నొప్పి మాత్రతో తగ్గింది కాబట్టి భయం లేదు అనుకునేవాళ్ళూ ఉంటారు, అది కూడా నమ్మదగ్గ గుర్తు కాదు. ఆస్టియాయిడ్ ఆస్టియోమా అని ఎముకలో చిన్న గడ్డ ఒకటుంటుంది, కాన్సర్ కాదు, అది సరిగ్గా రాత్రిపూటే నొప్పి పెడుతుంది, ఐబుప్రొఫెన్ వేస్తే మంత్రం వేసినట్టు తగ్గిపోతుంది, మర్నాడు రాత్రి అదే చోట మళ్ళీ వస్తుంది. తేడా ఒక్కటే, ఎప్పుడూ ఆ ఒక్క చోటే. ఇక హైస్కూల్ పిల్లలకి, మోకాలి పైనో కిందో ఒకవైపే నొప్పి, వారాలకొద్దీ పెరుగుతూ, గట్టిగా ఉబ్బుతున్నట్టుంటే "క్రికెట్లో దెబ్బ తగిలింది" అని కట్టు కట్టించుకుని తిరగొద్దు. ఎముక కాన్సర్ ఎక్కువగా వచ్చేది ఆ వయసులోనే, ఆ చోటే, పిల్లలు దానికి ఏదో ఒక దెబ్బ గుర్తుచేసుకుని చెప్తారు కూడా. రెండు వారాలు దాటితే ఎక్స్‌రే తీయించి తీరాలి. కట్లు కట్టేవాళ్ళ దగ్గర మాలిష్ అస్సలు వద్దు.

రాత్రికి రాత్రే బయల్దేరాల్సిన సందర్భం ఒకటి ఉంది. జ్వరంతో పాటు పిల్ల ఒక కాలు అసలు నేలకి ఆనించనంటే, లేదా కాలు కదిపితేనే కేకలు పెడితే, కీలులోనో ఎముకలోనో చీము పట్టి ఉండొచ్చు. కీలులో చీము ఉంటే రోజుల్లోనే లోపలి మెత్తటి పొర తినేస్తుంది, తర్వాత జీవితాంతం కుంటు. తెల్లారేక చూద్దాం అనుకోకుండా పిల్లల డాక్టరూ ఎముకల డాక్టరూ ఇద్దరూ ఉండే పెద్ద హాస్పిటల్‌కి, ప్రభుత్వానిదైతే కాకినాడ జీజీహెచ్ లాంటి చోటికి, తీసుకెళ్ళాలి. జ్వరమున్నప్పుడు ఐబుప్రొఫెన్ వేయకండి, మన దోమల సీజన్లో అది డెంగీ కూడా అవ్వొచ్చు, పారాసెట్మాల్ చాలు.

దోమలంటే గుర్తొచ్చింది, గోదావరి జిల్లాల్లో కాలు నొప్పి అనగానే పెద్దాళ్ళకి బోదకాలు మెదులుతుంది, వాళ్ళు చూసిన రోజులు అలాంటివి. పిల్లకి రాత్రి రెండు పిక్కలు పీకి పొద్దున్నకి పోవడం బోదకాలు కాదు. అది వచ్చినప్పుడు చలిజ్వరంతో గజ్జల్లో బిళ్ళ కట్టి, కాలి మీద ఎర్రటి చార వేడిగా తేలుతుంది, సాధారణంగా ఒక కాలికే.

నొప్పి రాత్రి కాకుండా పొద్దున్నే ఎక్కువగా ఉండే పిల్లలది వేరే లెక్క. లేవగానే కాళ్ళు బిగుసుకుపోయి ముసలాళ్ళలా నడిచి, పది గంటలకి సర్దుకుని, ఇలా వారాల తరబడి సాగుతూ మోకాలో చీలమండో కొంచెం ఉబ్బి కనపడితే అది పిల్లల కీళ్ళవాతం అవ్వొచ్చు, నొప్పి పెద్దగా లేకపోయినా సరే. ఇందులో కళ్ళ లోపల కూడా వాపు వచ్చి బయటికి తెలియకుండా చూపు దెబ్బతింటుంది, అందుకే కంటి డాక్టర్ దగ్గరికి కూడా పంపుతారు. గొంతు నొప్పి తగ్గిన రెండు మూడు వారాలకి జ్వరంతో ఇవాళ మోకాలు రేపు మణికట్టు అన్నట్టు పెద్ద కీళ్ళు ఒక్కోటీ వాస్తే రుమాటిక్ జ్వరం అవ్వొచ్చు, అది గుండె కవాటాల్ని పట్టుకోవచ్చు, ఆ వారంలోనే చూపించాలి.

ఎవరి దగ్గరికెళ్ళాలి అంటే నా ఓటు ముందు పిల్లల డాక్టర్‌కే. ఎముకల డాక్టర్ దగ్గరికి నేరుగా వెళ్తే నొప్పున్న చోటికి ఎక్స్‌రే తీసి చూసే అవకాశం ఎక్కువ, పిల్లల డాక్టర్ అయితే పాలిపోవడం, బిళ్ళలు, పొట్టలో ప్లీహం, బరువు అన్నీ కలిపి చూస్తారు, అవసరమైతే వాళ్ళే పంపుతారు. టెస్టుల విషయంలో అన్నీ గ్రోయింగ్ పెయిన్స్‌కి సరిపోతే ఏ టెస్టూ అక్కర్లేదు, అనుమానం ఉంటే సీబీపీ, స్మియర్, ఒంట్లో ఎక్కడైనా వాపుందేమో చెప్పే ఈఎస్సార్, ఒకవైపు నొప్పైతే ఆ చోటుకీ తుంటికీ ఎక్స్‌రే, మొదటి విడతకి ఇవి చాలు. ప్యాకేజీ పేరుతో నలభై టెస్టులు చేయించుకుని వచ్చే తల్లిదండ్రులుంటారు, అందులో స్మియర్ మాత్రం ఉండదు. వెళ్ళేటప్పుడు క్యాలెండర్ కాగితం, ఇప్పటిదాకా వేసిన మందుల సీసాలు, కుంటుతుంటే ఫోన్లో వెనకనించి తీసిన అరనిమిషం వీడియో పట్టుకెళ్ళండి, ఎందుకంటే డాక్టర్ గదిలోకి రాగానే పిల్లలు భయానికి తిన్నగా నడిచేస్తారు. వీడియో తీసేటప్పుడు నిక్కరు వేసి, చెప్పులు లేకుండా, తుంటి నించి మడమ దాకా కనపడేలా తీయండి.